బొమ్మా బొరుసుల శ్రేణి: తీర్పు చెప్పే వర్గమూలం

నాణేన్ని పదిసార్లు ఎగరేస్తే సరిగ్గా ఐదు బొమ్మలు, ఐదు బొరుసులు పడే అవకాశం ఎంత? ఫలితాలు మొత్తం 1024 రకాలుగా రావచ్చు. అందులో సమానంగా పడేవి 252. అంటే అవకాశం సుమారు 0.246, నాలుగో వంతుకు కాస్త తక్కువ. రెండు వందల సార్లు ఎగరేస్తే అదే అవకాశం 0.056కి పడిపోతుంది. ఎగరేసే కొద్దీ సగటున సగం సగం పడతాయన్నది నిజమే కానీ, కచ్చితంగా సమానం కావడం మాత్రం అంతకంతకూ అరుదవుతుంది.

ఈ 252 అన్నది ఇంటర్మీడియట్‌లో ద్విపద సిద్ధాంతం చదివినవాళ్లందరికీ పరిచయమే. (1+x) పదో ఘాతాన్ని విస్తరిస్తే నట్టనడుమ వచ్చే గుణకం అది. ఘాతం 2n అయితే నడిమి గుణకం C(2n,n), అంటే (2n)!/(n!)². వరసగా రాస్తే 1, 2, 6, 20, 70, 252, 924. నాణేన్ని 2n సార్లు ఎగరేసినప్పుడు బొమ్మా బొరుసూ సమానం కావడానికి అవకాశం ఈ గుణకాన్ని 4^nతో భాగిస్తే వస్తుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఆట ఎప్పటికీ ఆపకుండా ఆడితే లెక్క ఎన్నిసార్లు సమానమవుతుంది? సగటున ఎన్నిసార్లో తెలియాలంటే ఆ అవకాశాలన్నింటినీ కూడాలి: 1 + 1/2 + 3/8 + 5/16 + 35/128 + ... మొదటి 1 ఆట మొదలయ్యే క్షణానిది, అప్పుడు రెండూ సున్నాయే కాబట్టి. ఈ అనంత శ్రేణి ఏదో ఒక సంఖ్య దగ్గర నిలుస్తుందా, అంటే అభిసరిస్తుందా? లేక హద్దు లేకుండా పెరుగుతుందా?

పదాలు సున్నాకు దిగిపోతున్నాయి కాబట్టి మొత్తం ఎక్కడో నిలుస్తుందనుకోవడం సహజం. అది చాలదు. 1 + 1/2 + 1/3 + 1/4 + ... అన్న హరాత్మక శ్రేణిలో కూడా పదాలు సున్నాకే పోతాయి, మొత్తం మాత్రం ఏ హద్దునైనా దాటుతుంది. పదాలు సున్నాకు వెళుతున్నాయా అన్నదానికంటే ఎంత వేగంగా వెళుతున్నాయన్నదే ముఖ్యం.

డిగ్రీ విద్యార్థి చేయి మొదట నిష్పత్తి పరీక్ష మీదకు పోతుంది. ఒక పదాన్ని దాని ముందు పదంతో భాగించి, ఆ నిష్పత్తి చివరికి 1 కంటే తక్కువ దగ్గర ఆగితే అభిసరణం, ఎక్కువైతే అపసరణం అనే పద్ధతి అది. ఇక్కడ నిష్పత్తి (2n+1)/(2n+2). n వంద అయితే 201/202. n పెరిగే కొద్దీ అది 1 వైపే జరుగుతుంది. అవధి సరిగ్గా 1 అయిన చోట ఈ పరీక్ష ఏమీ చెప్పదు. గుణకాన్ని 5^nతో భాగించి ఉంటే నిష్పత్తి 4/5కు వెళ్లేది, ఒక్క గీతలో తేలిపోయేది. 3^nతో భాగించి ఉంటే 4/3 వచ్చి, అపసరణమని వెంటనే తెలిసేది. 4^n అన్నది సరిగ్గా గట్టు మీద ఉంది. అక్కడ నిలబడినప్పుడు గుణకం పరిమాణం ఇంకాస్త సూక్ష్మంగా తెలియాలి.

గుణకంలో ఉన్నవన్నీ క్రమగుణితాలే కాబట్టి ప్రశ్న అక్కడికి చేరుతుంది. పెద్ద n కి n! ఎంత ఉంటుంది? 1730లో దీనికి జవాబు దొరికింది. ఫ్రాన్సు నుంచి మతహింస తప్పించుకొని లండన్ చేరిన అబ్రహాం ద మువావ్ర్ సరిగ్గా ఈ నాణెం సమస్య కోసమే, నడిమి గుణకం ఎంతుంటుందో తెలుసుకోవడానికే, ఈ లెక్కలోకి దిగాడు. సూత్రం ఆకారం ఆయనకు దొరికింది. అందులో ఉండాల్సిన స్థిరాంకం √(2π) అని స్కాట్లండ్‌కు చెందిన జేమ్స్ స్టిర్లింగ్ చూపించాడు. నేడు సూత్రాన్ని స్టిర్లింగ్ పేరుతోనే పిలుస్తున్నాం. ద మువావ్ర్‌కు అందులో దక్కాల్సిన వాటా దక్కలేదని నాకు గట్టిగా అనిపిస్తుంది. సూత్రం ఇది:

n! ≈ √(2πn) · (n/e)^n

ఇక్కడ ≈ గుర్తుకు అర్థం జాగ్రత్తగా పట్టుకోవాలి. 10! విలువ 36,28,800. సూత్రం ఇచ్చేది సుమారు 35,98,696. తేడా ముప్పై వేలు. n పెరిగితే ఆ తేడా తగ్గదు, ఇంకా పెరుగుతుంది. తగ్గేది తప్పు శాతం: పది దగ్గర ఒక శాతం లోపే, ఆపైన ఇంకా తక్కువ. రెండింటినీ ఒకదానితో ఒకటి భాగిస్తే ఫలితం 1 వైపు వెళుతుందన్నదే సూత్రం ఇచ్చే హామీ. మనకు కావలసిందీ అదే.

ఇప్పుడు దాన్ని నడిమి గుణకంలో పెడదాం. పైన (2n)! ఉంది. n ఉన్న చోట 2n పెడితే అది √(4πn) · (2n/e)^(2n) అవుతుంది. కింద n! రెండుసార్లు ఉంది, గుణిస్తే 2πn · (n/e)^(2n). భాగించగానే e ఘాతాలూ n ఘాతాలూ పూర్తిగా కొట్టివేతలో పోతాయి. మిగిలేది 2^(2n), అంటే 4^n. దాని పక్కన √(4πn)/(2πn), సులభం చేస్తే 1/√(πn). కాబట్టి

C(2n,n) ≈ 4^n / √(πn)

గుణకం 4^n కంటే చిన్నదే, √(πn) వంతు మాత్రమే చిన్నది. n వంద అయితే √314.16తో భాగించినట్టు: 0.0564. అసలు విలువ 0.0563. ఇంత దగ్గరగా ఉన్నాక శ్రేణి ఏమవుతుందో చెప్పడానికి ఇక కష్టం లేదు. మన పదాలన్నీ ధనాత్మకాలు, అవి 1/√(πn)తో సమానంగా నడుస్తున్నాయి. అలాంటప్పుడు రెండు శ్రేణులకూ ఒకే గతి. 1/√n పదాలు 1/n కంటే పెద్దవి, హరాత్మక శ్రేణే నిలవనప్పుడు ఇది ఎలా నిలుస్తుంది? అపసరణం. దీన్ని అంకెల్లోనూ చూడవచ్చు: n = 10 వరకు కూడితే 3.70, వంద వరకు 11.33, పది వేల వరకు సుమారు 112.8. లెక్క నూరు రెట్లు పొడవైతే మొత్తం పది రెట్లు పెరుగుతోంది, వర్గమూలం తీరు అది.

నిజానికి ఇంతవరకూ రాబే పరీక్ష అనే మరో పద్ధతి కూడా పని చేసేది. స్టిర్లింగ్ సూత్రం బలం తెలిసేది పదాలను వర్గం చేసి కూడినప్పుడు. వర్గం చేస్తే పదం 1/(πn) అవుతుంది, అంటే హరాత్మక శ్రేణిని πతో భాగించినట్టే. ఇక్కడ రాబే పరీక్ష కూడా సరిగ్గా 1 దగ్గర ఆగి మౌనం వహిస్తుంది. స్టిర్లింగ్ దారిలో మాత్రం ఒక్క మాటలో తేలుతుంది: అపసరణం. కంప్యూటర్‌తో కూడి చూసి నిర్ణయిద్దామనుకునేవాళ్లు జారిపడేదీ ఇక్కడే. పది లక్షల పదాలు కూడినా మొత్తం 5.5 కూడా దాటదు. 10ని చేరాలంటే లక్షన్నర కోట్లకు పైగా పదాలు కావాలి. తెర మీద అంకెలు ఆగిపోయినట్టే కనిపిస్తాయి, నిజానికి ఎప్పటికీ ఆగవు.

ఘనం చేస్తే పదం n√n కు విలోమంగా తగ్గుతుంది. ఇక గట్టు దాటాం. శ్రేణి అభిసరిస్తుంది, మొత్తం 1.393 దగ్గర నిలుస్తుంది. అంటే ఘాతం 2 వరకు అపసరణం, 2 దాటిన ఏ ఘాతానికైనా అభిసరణం.

ఇందులో ఎక్కువగా దొర్లే పొరపాటు ఒకటుంది. n! అంటే దాదాపు (n/e)^n అని గుర్తుపెట్టుకొని ముందున్న √(2πn)ని చిన్నదని వదిలేయడం. n! పరిమాణం ముందు అది నిజంగా చిన్నదే. కానీ భాగించేటప్పుడు పెద్దవన్నీ కొట్టివేతలో పోయి, మిగిలేది ఆ చిన్నదే. దాన్ని వదిలేస్తే C(2n,n)/4^n విలువ 1 అనిపిస్తుంది, ఘనం చేసినా 1 గానే ఉంటుంది, అభిసరించే శ్రేణిని అపసరిస్తుందని రాసేస్తాం. ఇంకో జాగ్రత్త: రెండు శ్రేణులకూ ఒకే గతి అన్న వాదన ధనాత్మక పదాలకే చెల్లుతుంది. 1 - 1/2 + 3/8 - 5/16 + ... అని గుర్తులు మార్చుకుంటూ పోతే, పదాలు ప్రతి అడుగులో తగ్గుతూ సున్నాకు చేరుతున్నాయని విడిగా చూపించాలి. నిష్పత్తి (2n+1)/(2n+2) ఎప్పుడూ 1 కంటే తక్కువే కాబట్టి ఆ పని సులువు. ఆ శ్రేణి అభిసరించి 1/√2 ఇస్తుంది.

ఈ 1, 2, 3 ఘాతాల తేడా కాగితం మీది ముచ్చట కాదు. జ్యూరిక్‌లో పనిచేస్తున్న హంగేరీ గణితవేత్త జార్జ్ పోలియా అక్కడి అడవిదారుల్లో షికారుకు వెళ్లినప్పుడు ఒకే జంట పదే పదే ఎదురుపడిందట. దారీ తెన్నూ లేకుండా తిరిగేవాళ్లు మళ్లీ అదే చోటుకు ఎందుకు వస్తారన్న ఆలోచన 1921లో ఆయన ప్రచురించిన సిద్ధాంతం దాకా వెళ్లింది. ఒక గీత మీద ముందుకో వెనక్కో అడుగేసే మనిషి 2n అడుగుల తర్వాత బయలుదేరిన చోట ఉండే అవకాశం మన C(2n,n)/4^n నే. గళ్ల వీధుల నగరంలో నాలుగు దిక్కుల్లో ఏదో ఒకదానికి అడుగేస్తే అవకాశం సరిగ్గా దాని వర్గం. పటాన్ని 45 డిగ్రీలు తిప్పి చూస్తే ఆ నడక రెండు వేర్వేరు నాణేల ఆటగా విడిపోతుంది. తిరిగి రాకుండా పోయే అవకాశం కొంతైనా ఉంటే, సగటు రాకల సంఖ్యకు హద్దు ఉండి తీరాలి. గీత మీదా నగరంలోనూ శ్రేణి అపసరిస్తోంది కాబట్టి హద్దు లేదు, అంటే ఆ మనిషి తప్పకుండా తిరిగి వస్తాడు. పైకీ కిందికీ కూడా కదలగల ఆరు దిక్కుల నడకలో అవకాశం సరిగ్గా ఘనం కాదు, సూత్రం కాస్త వేరు. అయినా తగ్గే వేగం n√n తీరులోనే ఉంటుంది, శ్రేణి అభిసరిస్తుంది. అక్కడ తిరిగి వచ్చే అవకాశం 0.34 మాత్రమే. మూడింట రెండు వంతుల సందర్భాల్లో మనిషి తప్పిపోయినట్టే.

గట్టుకు దూరంగా ఉన్న శ్రేణుల్లో ఈ వర్గమూలం తీర్పు చెప్పదు, 4^n ఒక్కటే చాలు. 1914లో శ్రీనివాస రామానుజన్ ఇచ్చిన 1/π శ్రేణిలో ప్రతి పదం C(2n,n)³ · (42n+5) / 2^(12n+4). గుణకం ఘనం 64^n తీరులో పెరుగుతుంది, కింద 4096^n ఉంది. కాబట్టి ఒక్కో అడుగుకు పదం సుమారు 64వ వంతుకు పడిపోతుంది. మొదటి పదం 5/16, దాన్ని తిరగేస్తే π కి 3.2 వస్తుంది. రెండో పదం 376/65536 కలిపి తిరగేస్తే 3.1423. ఆపైన ఒక్కో పదం దాదాపు రెండేసి దశాంశ స్థానాలు చేరుస్తూ పోతుంది.