96 శాతం లెక్క ఒక్క పూట ఆటకు ఎందుకు సరిపోదు

స్లాట్ మెషీన్‌కు ‘ఆర్‌టీపీ 96 శాతం’ అని ఉంటే, 100 డాలర్లతో కూర్చున్నవాడు 96 డాలర్లతో లేస్తాడని చాలామంది అనుకుంటారు. ఆర్‌టీపీ, అంటే ‘రిటర్న్ టు ప్లేయర్’, అలాంటి మాటేమీ ఇవ్వదు. లక్షల ఆటల్లో అందరూ కాసిన పందేల మొత్తంలో ఎంత భాగం బహుమతులుగా తిరిగి వెళ్తుందో చెప్పే సగటు అది. అమెరికాలోని నెవాడాలో ఇది 75 శాతానికి తగ్గకూడదన్న నిబంధన ఉంది. ఆ నిబంధన యంత్రానికే గానీ ఎదురుగా కూర్చున్న మనిషి జేబుకు కాదు.

ఆ సగటు ఎలా పుడుతుందో చూడటానికి ఒక చిన్న మెషీన్ చాలు. దానికి మూడు చక్రాలు, ఒక్కో చక్రం మీద పది బొమ్మలు ఉన్నాయనుకుందాం. బొమ్మలు 1,000 రకాలుగా పడతాయి, అన్నింటికీ అవకాశం సమానమే. ఆటకు ఒక డాలరు. 180 రకాలకు 2 డాలర్ల చొప్పున, 20 రకాలకు 15 డాలర్ల చొప్పున వస్తాయి. ఒకే ఒక్క రకానికి 300 డాలర్ల జాక్‌పాట్. మిగతా 799 రకాలకు సున్నా. బహుమతులన్నీ కూడితే 960, అంటే 96 శాతం.

ఈ మెషీన్ మీద ఒకరు 500 సార్లు ఆడారు. శాతం ప్రకారం 20 డాలర్లు పోవాలి. కానీ అన్ని ఆటల్లోనూ జాక్‌పాట్ ఒక్కసారీ తగలకపోయే అవకాశం దాదాపు 61 శాతం. అప్పుడు చేతికి వచ్చేది సగటున 330 డాలర్లు, నష్టం 170. జాక్‌పాట్ ఒకసారి తగిలితే లెక్క తిరగబడి సుమారు 130 లాభం కనిపిస్తుంది. చిత్రమేమిటంటే, సగటు చెప్పిన ఆ 20 డాలర్ల నష్టం ఈ రెండు గుంపుల మధ్య ఖాళీలో పడుతుంది. దాని దరిదాపుల్లో ముగిసే ఆటలు చాలా తక్కువ.

‘ఇంతసేపు రాలేదు కాబట్టి ఇక వస్తుంది’ అనే ఆశకూ ఆధారం లేదు. ప్రతి ఆట ఫలితాన్నీ యంత్రం కొత్తగా, యాదృచ్ఛికంగా తీస్తుంది. పాత ఆటలు దానికి గుర్తుండవు. వెయ్యిసార్లు ఆడినా జాక్‌పాట్ తగలకపోయే అవకాశం ఇంకా 37 శాతం ఉంటుంది. ఈ మెషీన్‌కు పది లక్షల ఆటలు పూర్తయ్యాకే, నూటికి 95 సార్లు, ఫలితం 94–98 శాతం మధ్యకు చేరుతుంది. కాసినో ఆ సంఖ్యను అందుకోగలదు, ఒక్క ఆటగాడు అందుకోలేడు.

ఇంకో మెలిక, ఈ శాతం తెచ్చుకున్న డబ్బు మీద కాదు, కాసిన ప్రతి పందెం మీదా వర్తిస్తుంది. గెలిచిన డాలరును మళ్లీ కాస్తే దానిలోంచీ సగటున 4 సెంట్లు పోతాయి. అందుకే 100 డాలర్లతో మొదలుపెట్టినవాడు 500 ఆటలు ముగియకముందే ఖాళీ చేతులతో లేవడం మామూలే.