గాలికి గొడుగు తిరిగితే.. నెట్ బంద్

వేసవి సాయంత్రం ఈదురుగాలి వీచి తగ్గుతుంది. కరెంటు తిరిగి వస్తుంది. ఇంట్లోని పెట్టెలో దీపాలు వెలుగుతాయి, ఫోన్‌లో వైఫై కనిపిస్తుంది. అయినా ఇంటర్నెట్ మాత్రం రాదు. కేబుల్ లేని గ్రామాల్లో డాబాపై రిసీవర్ అమర్చుకున్న వారికి ఇది తరచూ ఎదురయ్యే సమస్య. ఈ సందర్భంలో లోపం చాలాసార్లు ఇంట్లోని పెట్టెలో కాక, పైన గాలికి పక్కకు తిరిగిన గొడుగులో ఉంటుంది.

గొడుగు టవర్ వైపు సన్నని కిరణంలా చూస్తుంది. 5 గిగాహెర్ట్జ్ తరంగాలపై పనిచేసే రెండడుగుల గొడుగుకు ఆ కిరణం వెడల్పు సుమారు 6 డిగ్రీలే. గొడుగు అంచు రెండంగుళాలు జరిగితే దాదాపు 10 డిగ్రీలు తిరిగినట్లే. టవర్ 4 కిలోమీటర్ల దూరంలో ఉంటే దాని చూపు సుమారు 700 మీటర్లు పక్కకు పోతుంది.

ఒక ఇంట్లో సిగ్నల్ మామూలుగా మైనస్ 58 డీబీఎం ఉండేదనుకుందాం. గాలి తర్వాత అది మైనస్ 86కు పడిపోయింది. తేడా 28 అంకెలే అయినా, అందుతున్న శక్తి దాదాపు 630వ వంతుకు తగ్గినట్లు లెక్క. అందుకే లింకు తెగిపోతుంది.

పైకి ఎక్కే ముందు రెండు విషయాలు చూసుకోవాలి. అదే టవర్ వాడే పొరుగువారికీ నెట్ లేకుంటే లోపం టవర్ వద్ద ఉండవచ్చు. రిసీవర్‌పై ఒక్క దీపమూ వెలగకుంటే తీగనో, దానికి కరెంటు పంపే అడాప్టర్‌నో అనుమానించాలి. పవర్ దీపం వెలుగుతూ, సిగ్నల్ దీపాలు మాత్రమే ఆరిపోతే గొడుగు తిరిగి ఉండే అవకాశం ఎక్కువ.

సరిచేసేందుకు ఇద్దరు అవసరం. ఒకరు పానాతో క్లాంపు నట్లను కొద్దిగా వదులు చేసి, గొడుగును వేలి మందం చొప్పున పక్కకు జరపాలి. రెండోవారు కింద రిసీవర్ పేజీలో అంకె చూసి చెప్పాలి. అంకె మారేందుకు కొన్ని క్షణాలు పడుతుంది కనుక ప్రతిసారీ ఆగాలి. సిగ్నల్ కొంత పెరిగిందని అక్కడే బిగించరాదు. అసలు కిరణానికి ఇరువైపులా బలహీనమైన పక్క కిరణాలుంటాయి, వాటిలో చిక్కితే లింకు వచ్చినా నిలకడగా ఉండదు. అంకె పెరిగి, మళ్లీ తగ్గేవరకు తిప్పి, గరిష్ఠం వద్దకు వెనక్కి రావాలి. తర్వాత పైకీ కిందికీ అలాగే చూడాలి. ఒక్కో నట్టునూ కొంచెం కొంచెంగా బిగిస్తూ అంకె గమనించాలి, బిగింపుకే గొడుగు కదిలిపోతుంటుంది.

చివరగా పైపుపైనా, క్లాంపుపైనా కలిసేలా రంగుతో ఒక గీత గీయాలి. మరోసారి గాలి వీచినప్పుడు గీతలు విడిపోయాయంటే కారణం వెంటనే తెలుస్తుంది. పైపునకు మూడు వైపులా తీగలు లాగి కడితే ఊగదు. గాలి, ఉరుములు పూర్తిగా తగ్గే వరకు మాత్రం ఎవరూ డాబా ఎక్కరాదు. ఇనుప పైపు సమీపంలో విద్యుత్ తీగలు ఉన్నచోట ఆ పని సిబ్బందికే వదిలేయాలి.