గిడుగు పరిచయాన్ని తిరగరాస్తే

ఏటా ఆగస్టు 29 దగ్గర పడుతుంటే తెలుగు భాషా దినోత్సవం కోసం బడుల్లో, గ్రంథాలయాల్లో గిడుగు వెంకట రామమూర్తి మీద పరిచయాలు రాస్తుంటారు. చాలామంది మొదట రాసే చిత్తుప్రతి ఇంచుమించు ఇలా ఉంటుంది:

“గిడుగు 1863లో పర్వతాలపేటలో జన్మించారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా చేరారు. చరిత్ర అధ్యాపకుడిగా పనిచేశారు. ముఖలింగం శాసనాలను అధ్యయనం చేశారు. సవర భాషలో పండితుడు. రావు సాహెబ్ బిరుదు పొందారు. ‘తెలుగు’ పత్రిక నడిపారు. సవర వ్యాకరణం, నిఘంటువులు రచించారు. కైజర్-ఇ-హింద్ పతకం అందుకున్నారు. 1940లో మరణించారు.”

ఇందులో తప్పేమీ లేదు. అయినా చదివినవారికి మనిషి కనిపించడు. చరిత్ర పాఠాలు చెప్పుకునే మాస్టారు కొండల్లోని సవరల భాష ఎందుకు నేర్చుకున్నారు? సవర మీద పనిచేసిన మనిషి తెలుగు పండితులతో ఎందుకు తలపడ్డారు? పదవులను వరసగా పేరిస్తే ఈ ప్రశ్నలు ఎక్కడివక్కడే ఉండిపోతాయి. పరిచయాన్ని దిద్దడం వాటి దగ్గరే మొదలవ్వాలి.

ముందు ఒక్కో పదవి పక్కన ‘అక్కడ చేసిందేమిటి, ఎవరి కోసం’ అని రాసుకోవాలి. ‘సవర పండితుడు’ అన్నచోట ‘సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని పుస్తకాలు రాశారు’ అని వస్తుంది. ‘పత్రిక నడిపారు’ అన్నచోట ‘బడి పుస్తకాల్లో వాడుక తెలుగు ఉండాలని వాదించారు’ అని వస్తుంది. పదవులుగా చూసినప్పుడు దూరదూరంగా ఉన్నవి పనులుగా చూస్తే దగ్గరవుతాయి.

తర్వాత వాటిని కలిపే సూత్రాన్ని వెతకాలి. చటుక్కున తట్టేది ‘భాషాసేవ’. కానీ గిడుగు పేరు తీసేసి అక్కడ మరో పండితుడి పేరు పెట్టినా ఆ మాట సరిపోతుంది. గిడుగుతో వాదించిన గ్రాంథికవాదులకూ అది వర్తిస్తుంది. అంత వదులైన సూత్రం దేన్నీ కట్టలేదు. ‘ఆదర్శ ఉపాధ్యాయుడు’ అంటే నిఘంటువులు బయట మిగిలిపోతాయి. ‘పిల్లవాడి నోట ఉన్న మాటకు బడిలో చోటు’ అంటే మాత్రం సవర పనీ, తెలుగు పోరాటమూ రెండూ ఇముడుతాయి. పేరు మార్చితే అతకదు కూడా.

ఈ సూత్రం మీద తిరగరాస్తే పరిచయం ఇలా మారుతుంది:

“పర్లాకిమిడిలో చరిత్ర చెబుతూనే గిడుగు వెంకట రామమూర్తి కొండల మీది సవరల భాష నేర్చుకున్నారు. లిపి లేని ఆ భాషలో పుస్తకాలు రాసి, సవర పిల్లలకు బడులు పెట్టించారు. బడిలో నేర్పే తెలుగుకూ జనం మాట్లాడే తెలుగుకూ ఇంత తేడా ఎందుకని యేట్స్ అనే ఆంగ్లేయ పాఠశాలల తనిఖీ అధికారి ప్రశ్నించేనాటికే గిడుగుకు ఆ అనుభవం ఉంది. గురజాడ అప్పారావుతో కలిసి వాడుక భాష కోసం నిలబడ్డారు. 1919లో ‘తెలుగు’ పత్రిక పెట్టారు. సవరను వదల్లేదు, 1931లో వ్యాకరణం, ఆ తర్వాత నిఘంటువులు వెలువడ్డాయి. ప్రభుత్వం రావు సాహెబ్ బిరుదు, కైజర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది. 1936లో పర్లాకిమిడిని ఒరిస్సాలో కలపడంతో ఆ ఊరు విడిచి రాజమండ్రి చేరారు. 1940లో కన్నుమూశారు.”

బిరుదులు ఒకే వాక్యంలోకి వెళ్లాయి. పుట్టిన ఊరు లేకపోయినా కథకు లోటు రాలేదు. ముఖలింగం శాసనాల పని విలువైనదే కానీ ఈ సూత్రానికి అందదు. లేని సంబంధం అంటగట్టేకంటే చిన్న పరిచయంలో దాన్ని వదిలేయడం, పెద్ద వ్యాసంలో విడిగా చెప్పడం నయం.

అన్నిటికన్నా జాగ్రత్త పడాల్సిన చోటు వాక్యాలను కలిపే అతుకు. సవర అనుభవం వల్లే గిడుగు వాడుక భాషా ఉద్యమంలోకి దిగారని రాస్తే చదవడానికి బిగువుగా ఉంటుంది. అయితే అది ఆయన మనసులోని కారణాన్ని తేల్చిచెప్పడం. దానికి ఆయన రాతలోంచో, సమకాలికుల మాటల్లోంచో ఆధారం చూపాలి. తేదీలు నిరూపించేది సవర పని ముందు జరిగిందని మాత్రమే. అందుకే పై పరిచయం ‘యేట్స్ ప్రశ్నించేనాటికే ఆ అనుభవం ఉంది’ అని ఆగింది. రెండు పనులూ పక్కపక్కన పెడితే చాలు, సంబంధాన్ని పాఠకులే పోల్చుకుంటారు. బతికున్నవారి పరిచయమైతే ఈ చిక్కు సులువుగా తీరుతుంది: ఒక పని వదిలి మరో పనిలోకి ఎందుకు వెళ్లారో వారినే అడిగి, చెప్పిన కారణాన్ని వారి మాటల్లోనే రాయవచ్చు.