సార్‌కి ఏం గుర్తుచేయాలి?

అమెరికాలో ఎంఎస్‌కి అప్లై చేసేవాళ్లను చాలా యూనివర్సిటీలు మూడు రికమెండేషన్ లెటర్లు అడుగుతాయి. ఫాల్ అడ్మిషన్లకు గడువు చాలావాటికి డిసెంబరు, జనవరి నెలల్లో పడుతుంది. ఆ సమయానికి మన ఇంజినీరింగ్ కాలేజీల్లో ప్రొఫెసర్లు పరీక్షలు, వైవాలు, పేపర్లు దిద్దడంలో మునిగి ఉంటారు. అందుకే అక్టోబరులోనే వెళ్లి అడగడం మంచిది.

ఎవరిని అడగాలన్న దగ్గరే చాలామంది పప్పులో కాలేస్తారు. హెచ్‌ఓడీ సంతకమైతే బరువుగా ఉంటుందనుకుంటారు. మీ ముఖం కూడా సరిగ్గా గుర్తులేని హెచ్‌ఓడీ రాసేది ‘క్రమశిక్షణ గల విద్యార్థి’ అన్న ఒక్క ముక్కే. ప్రాజెక్టు గైడ్ అసిస్టెంట్ ప్రొఫెసరే అయినా, మీరు పని చేస్తుండగా చూసిన మనిషి ఆయన. అడిగేటప్పుడు కూడా తప్పుకోవడానికి ఆయనకు దారి వదలాలి: ‘సార్, నా పని గురించి వివరంగా రాయగలనని మీకనిపిస్తేనే రాయండి. కుదరకపోతే ఇంకెవరినైనా అడుగుతాను, ఏమీ అనుకోను.’ ఆయన కాస్త తటపటాయించినా సరే, మరొకరిని చూసుకోండి. మొహమాటానికి రాసే లెటర్ చప్పగా ఉంటుంది.

ఒప్పుకున్నాక ఆయన చేతికి రెజ్యూమె, యూనివర్సిటీల పేర్లు, గడువు తేదీలతో పాటు ఒక పేజీ నోట్ ఇవ్వాలి. ఏ సెమిస్టర్‌లో ఏ సబ్జెక్టు చెప్పారో, ఏ గ్రేడ్ వచ్చిందో అందులో ఉండాలి. మిగతా పేజీ అంతా ఆయన కళ్లారా చూసిన ఒకటి రెండు సంఘటనలకే కేటాయించాలి.

సివిల్ ఫైనలియర్ అమ్మాయి ఒకరిని ఊహించుకుందాం. సిమెంటు కొంత తగ్గించి ఫ్లై యాష్ కలిపిన కాంక్రీటు మీద ఆమె ప్రాజెక్టు. ‘టీమ్‌ను సమర్థంగా నడిపించాను’ అని నోట్‌లో రాస్తే సార్‌కి దొరికేదేమీ ఉండదు. అదే ఇలా రాసిందనుకోండి: ‘ఏడో రోజు క్యూబులు పరీక్షిస్తే మూడో బ్యాచ్ బలం మిగతావాటికంటే బాగా తక్కువొచ్చింది సార్. అందరం ఫ్లై యాష్‌నే అనుమానించాం. ఆ వారం వానలకు ఇసుక తడిసింది. ఆ తేమను లెక్కలోకి తీసుకోకుండా నీళ్లు మామూలుగానే పోశామని రిజిస్టరు చూసి మీకు చెప్పాను. కొంచెం ఇసుకను ఆరబెట్టి తూచి, తేమ ఎంతో తేల్చి, నీళ్లు తగ్గించి మళ్లీ క్యూబులు పోశాం. 28వ రోజు ఫలితాలు మీరే చూశారు.’ ఇది చదవగానే ఆయనకు ల్యాబ్, రిజిస్టరు, ఆ పిల్ల అడిగిన ప్రశ్న అన్నీ గుర్తొస్తాయి. కొన్ని పోర్టళ్లలో లెటర్‌తో పాటు ఒక పట్టిక కూడా ఉంటుంది. మీరు చదువు చెప్పినవాళ్లలో ఈ విద్యార్థి పై 5 శాతంలో ఉంటుందా, 10 శాతంలోనా అని అడుగుతుంది. ఆ గడిలో పెట్టిన టిక్కుకు ఇలాంటి సంఘటనే ఆధారం. ఆయన చూడని సంగతులు మాత్రం నోట్‌లో పెట్టకూడదు. మూడు లెటర్లూ ఒకే పాట పాడకుండా, ఒక్కొక్కరికి వేరే సంఘటన రాసివ్వాలి.

మన దగ్గర తరచూ ఎదురయ్యే చిక్కు మరొకటుంది. ‘నువ్వే రాసి తీసుకురామ్మా, సంతకం పెడతాను’ అంటారు. ఒకే చేయి రాసిన మూడు లెటర్లు, ఎస్‌ఓపీ పక్కపక్కన పెట్టి చదివేవాళ్లకు అవే పదాలు, అవే పొగడ్తలు తగులుతాయి. పైగా లెటర్ సిఫారసు చేసేవారే సొంతంగా రాయాలన్నది నియమం. ‘పాయింట్లన్నీ ఇందులో ఉన్నాయి సార్, మీ మాటల్లో నాలుగు పేరాలు చాలు’ అని మెల్లగా అడగండి. అప్పటికీ కుదరదంటే, మరో గైడ్‌ను వెతుక్కోవడమే మేలని నా అభిప్రాయం.

పోర్టల్లో ప్రొఫెసర్ ఈమెయిల్ ఇవ్వగానే లింకు నేరుగా ఆయనకే వెళ్తుంది. కాలేజీ మెయిల్ ఐడీ ఉంటే అదే ఇవ్వండి, వ్యక్తిగత ఐడీలను కొన్ని యూనివర్సిటీలు అనుమానంగా చూస్తాయి. లింకు స్పామ్‌లో పడటం మామూలే కాబట్టి, పంపిన రోజే ఫోన్ చేసి చెప్పండి. అక్కడే ‘లెటర్ చూసే హక్కు వదులుకుంటారా?’ అన్న ప్రశ్న వస్తుంది. చేరిన విద్యార్థులకు తమ రికార్డులు చూసే హక్కు 1974 నాటి అమెరికా చట్టం ఇచ్చింది. ఎక్కువమంది వదులుకుంటారు. విద్యార్థి చూడడని తెలిస్తే రాసేవారు మనసులో మాట రాస్తారని అడ్మిషన్లవాళ్ల నమ్మకం. వదులుకున్నాక ‘ఏం రాశారు సార్’ అని ఆరా తీయకూడదు.

ఉద్యోగం చేసినవాళ్లు పాత మేనేజర్‌ను అడిగితే ఇంకో అడ్డంకి రావచ్చు. కొన్ని కంపెనీలు పనిచేసిన తేదీలు, హోదా తప్ప మరేదీ రాసివ్వనివ్వవు. ఆ సంగతి ముందే కనుక్కోండి. ఆయన కంపెనీ మారి ఉంటే, ఇప్పటి హోదాతో పాటు మీరు ఆయన కింద ఎప్పుడు, ఏ టీమ్‌లో పనిచేశారో లెటర్‌లో రాయమనండి. మేనేజర్‌కిచ్చే నోట్‌లో క్లయింట్ పేరు, లోపలి అంకెలు ఉండకూడదు. ‘రాత్రి ఆగిపోయే రిపోర్టు ఎందుకాగుతోందో కనిపెట్టింది’ అంటే సరిపోతుంది.