ప్రశ్నలోనే జవాబు ఉంటే సర్వే ఎందుకు?

1992 చివర్లో అమెరికాలో రోపర్ అనే పేరున్న సర్వే సంస్థ జనాన్ని ఒక ప్రశ్న అడిగింది. నాజీలు యూదులను ఊచకోత కోయడం అసలు జరగనే లేదనడం మీకు సాధ్యమనిపిస్తోందా, అసాధ్యమనిపిస్తోందా అన్నది దాని సారాంశం. నూటికి 22 మంది సాధ్యమే అన్నారు. మరుసటి ఏడు ఆ ఫలితం బయటికొచ్చాక పెద్ద దుమారమే రేగింది. 1994లో అదే సంస్థ మాట మార్చి, జరగలేదనడానికి అవకాశం ఉందంటారా లేక జరిగిందని కచ్చితంగా నమ్ముతున్నారా అని అడిగింది. ఈసారి అవకాశం ఉందన్నవాళ్లు నూటికి ఒక్కరే. ఏడాదిన్నరలో జనం మారిపోలేదు. మొదటి ప్రశ్నలో ‘అసాధ్యం’, ‘జరగలేదు’ అనే రెండు వ్యతిరేకాలు మెలిపడి, ఏది అంటే ఏ అర్థం వస్తుందో తెలియక జనం తడబడ్డారు.

ఆ ప్రశ్న రాసినవాళ్లు చేయి తిరిగినవాళ్లు. అయినా బల్ల ముందు కూర్చుని చదివినప్పుడు వాళ్లకు లోపం కనిపించలేదు. ప్రశ్నావళి రాయడం నేర్పే పాఠం ఎలా ఉండాలో ఇక్కడే తెలుస్తుంది. నియమాల జాబితా బట్టీ పట్టిస్తే సరిపోదు. విద్యార్థి రాసిన ప్రశ్న అతని కళ్ల ముందే ఎదుటి మనిషి దగ్గర విఫలం కావాలి.

ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ విద్యార్థులు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టులో భాగంగా ఇంటింటికీ వెళ్లి సర్వే చేస్తున్నారు. ప్రశ్నలు అడగడం వాళ్లకు ఎలాగూ తప్పదు కాబట్టి, దానికి ముందు ఓ ఆరు పీరియడ్లు ఈ పాఠానికి ఇవ్వొచ్చు. విషయం ఒక్కటే ఉండాలి, ప్రశ్నలు ఆరేడుకు మించకూడదు. కుళాయి నీళ్లనే తీసుకుందాం.

మొదటి పీరియడ్‌లో ఏ హెచ్చరికా లేకుండా పిల్లల చేత ప్రశ్నలు రాయించాలి. ఎక్కువమంది రాసేది ఇలా ఉంటుంది: ‘మీ వీధిలో నీటి ఎద్దడి వల్ల మీరు ఎంత ఇబ్బంది పడుతున్నారు? చాలా, ఓ మోస్తరు, కొద్దిగా.’ ఎద్దడి ఉందని ప్రశ్నే తీర్మానించేసింది. ఇబ్బంది లేనివాళ్లకు టిక్కు పెట్టడానికి గడి కూడా లేదు. పాపం, ఇంటికొచ్చిన పిల్లల్ని చిన్నబుచ్చడం ఎందుకని వాళ్లు ‘కొద్దిగా’ దగ్గర పెట్టేస్తారు. తర్వాత నివేదికలో ‘నూటికి నూరు మందికీ నీటి ఇబ్బంది’ అని అచ్చవుతుంది.

మరో రకం ఇంతకంటే మర్యాదగా కనిపిస్తుంది: ‘డాక్టర్లు చెబుతున్నట్టు మీరు నీళ్లు కాచి తాగుతున్నారా?’ డాక్టర్ల పేరు ఎత్తాక లేదనడం ఎవరికైనా కష్టమే. దానికి బదులు ‘మీ ఇంట్లో నీళ్లను కాచడమో వడకట్టడమో చేసి తాగుతారా, వచ్చినవి వచ్చినట్టే తాగుతారా?’ అంటే రెండు జవాబులకూ సమానంగా చోటు దొరుకుతుంది.

ఎద్దడి ప్రశ్నను సరిచేయాలంటే దాన్ని విడగొట్టాలి. ముందు జరిగిన సంగతి అడగాలి: నిన్న మీ కుళాయికి నీళ్లు వచ్చాయా, వస్తే ఎంతసేపు వచ్చాయి? తర్వాత అభిప్రాయం: ఆ నీళ్లు ఇంటి అవసరాలకు సరిపోయాయా, సరిపోలేదా? సరిపోలేదన్నవాళ్లనే, మరి అప్పుడు ఏం చేస్తారని అడగాలి. ‘నెలకు సగటున ఎన్ని గంటలు’ అని అడిగితే ఎవరూ లెక్కేసి చెప్పరు, నోటికొచ్చిన అంకె చెబుతారు. నిన్నటిదైతే గుర్తుంటుంది.

ఇలా దిద్దిన ఫారం చూడ్డానికి బాగానే ఉంటుంది. పైలట్ మొదలయ్యేది ఇప్పుడే. అసలు సర్వే చేయబోయే వీధిలో కాకుండా, అలాంటిదే మరో వీధిలో పది ఇళ్లు ఎంచుకోవాలి. ఇద్దరిద్దరు వెళ్లాలి. ఒకరు ప్రశ్న ఉన్నదున్నట్టు చదువుతారు, రెండోవాళ్లు మాట్లాడకుండా రాసుకుంటారు. వాళ్లు రాసుకోవాల్సింది జవాబులు కాదు. ప్రతి ప్రశ్న పక్కన నాలుగే గుర్తులు: ‘అంటే?’ అని ఎదురడిగారా, ఆలోచనలో పడి ఆగిపోయారా, ఫారంలో లేని జవాబు చెప్పారా, అడిగేవాళ్లే మాట మార్చారా. చివర్లో ఒకటి రెండు ప్రశ్నలు ఎంచుకుని, ‘ఇందులో మేం మిమ్మల్ని ఏమడిగామనుకున్నారో మీ మాటల్లో చెప్పండి’ అనాలి.

ఇక్కడ మన ‘నిన్న’ ప్రశ్న బోల్తా పడుతుంది. రోజు విడిచి రోజు నీళ్లు వదిలే ఊళ్లో సగం మంది ‘నిన్న మా వంతు కాదు’ అంటారు. ఫారంలో ఆ గడి లేదు. కాబట్టి ‘చివరిసారి నీళ్లు ఎప్పుడొచ్చాయి, ఎంతసేపు వచ్చాయి’ అని మార్చాలి. ఇంకో సంగతీ బయటపడుతుంది. తలుపు తీసిన పెద్దాయన ‘ఏమో బాబూ, నీళ్లు పట్టేది మా కోడలు’ అంటాడు. అంటే ప్రశ్నలో తప్పేమీ లేదు, అడగాల్సిన మనిషే వేరు. ‘మీ ఇంట్లో నీళ్లు పట్టేది ఎవరు? వాళ్లతో మాట్లాడొచ్చా?’ అన్నది ఫారంలో మొదటి వాక్యంగా చేరాలి.

నాలుగో గుర్తును మాత్రం చిన్నచూపు చూడొద్దు. కాగితం మీద ‘నీళ్లు సరిపోయాయా, సరిపోలేదా?’ అని తిన్నగానే ఉంటుంది. మూడో ఇంటికొచ్చేసరికి విసుగొచ్చి ‘సరిపోవట్లేదు కదండీ?’ అని నోరు జారుతుంది. అవతలివాళ్లు ‘అవునమ్మా’ అంటారు. నా ఉద్దేశంలో మన పిల్లల సర్వేల్లో కాగితం మీద రాసిన తప్పుల కంటే ఇలా గుమ్మంలో పుట్టేవే ఎక్కువ. పక్కన రాసుకునే మనిషి లేకపోతే వాటి జాడే దొరకదు.

పది ఇళ్లలో రెండు మూడు చోట్ల గుర్తు పడిన ప్రశ్నను తిరగరాసి, ఇంకో ఐదు ఇళ్లలో చూడాలి. పదిమందిలో ఏడుగురు నీళ్లు చాలడం లేదన్నారని మాత్రం ఎక్కడా రాయకూడదు. పైలట్ ప్రశ్నను పరీక్షిస్తుంది, ఊరిని కాదు. ఆ జవాబులు అసలు లెక్కలో కలపనూ కూడదు, ఎందుకంటే ఆ తర్వాత ప్రశ్నలే మారిపోయాయి.

మాట మార్పు బలాన్ని అంకెల్లో చూపాలనిపిస్తే ఒకే ప్రశ్నకు రెండు రూపాలు తయారుచేసి సగం మందికి ఒకటి, సగం మందికి ఇంకొకటి ఇవ్వొచ్చు. ఏ రూపం ఎవరికన్నది చీటీ తీసి నిర్ణయించాలి. డొనాల్డ్ రగ్ 1941లో ప్రచురించిన పరీక్ష ఇలాంటిదే. ప్రజాస్వామ్యానికి వ్యతిరేకమైన బహిరంగ ప్రసంగాలను అమెరికా నిషేధించాలా అంటే, ఏదో ఒకటి చెప్పినవాళ్లలో నిషేధించాలన్నది నూటికి 54 మంది. వాటిని అనుమతించాలా అంటే, కూడదన్నది నూటికి 75 మంది. రెంటి ఫలితం ఒకటే అయినా ‘నిషేధం’ అనే కటువైన మాటకు జనం వెనుకంజ వేశారు. ఇంత పెద్ద తేడానైనా నమ్మకంగా చూడాలంటే ఒక్కో రూపానికి సుమారు వంద మంది కావాలి. పదిమందికి ఏడు, పదిమందికి నాలుగు వస్తే అది ఉత్త యాదృచ్ఛికం కావచ్చు. కాబట్టి ఒక్క తరగతి చాలదు, రెండు మూడు సెక్షన్ల ఫారాలు కలుపుకోవాలి.

ఇక మార్కుల మాట. శుభ్రంగా టైపు చేసిన చివరి ఫారానికే మార్కులిస్తే పిల్లలు పైలట్‌ను ఇంట్లో కూర్చునే పూర్తిచేస్తారు. పైలట్‌కు ముందరి ఫారం, తర్వాతి ఫారం, గుర్తులు పెట్టిన కాగితాలు, ప్రతి మార్పుకూ ఒక వాక్యం కారణం కలిపి తీసుకోండి. ఎక్కువ మార్కులు ఆ కారణాలకే వేయండి.