మిస్సమ్మ క్లైమాక్స్‌తో నా పేచీ

ఈ ఎపిసోడ్‌లో ఒక్క విషయమే మాట్లాడుకుందాం. కథంతా హీరో పీకల్లోతు కష్టంలో ఉంటాడు. చివరి పది నిమిషాల్లో ఎక్కడి నుంచో ఒక ఫోనో, పాత ఫొటోనో, పోలీసు జీపో వచ్చి మొత్తం సర్దేస్తుంది. చూసేటప్పుడు హమ్మయ్య అనుకుంటాం, తర్వాత మాత్రం ఏదో వెలితిగా ఉంటుంది. ఆ వెలితి ఎందుకొస్తుంది, దాన్ని ఎలా పట్టుకోవాలి అన్నదే ఇవాళ్టి టాపిక్.

దీనికి ఫ్లాప్ సినిమాని తీసుకుంటే తిట్టడం తేలికైపోతుంది, నేర్చుకునేది ఏమీ ఉండదు. అందుకే నాకు బాగా ఇష్టమైన సినిమానే తీసుకుంటున్నా. 'మిస్సమ్మ'. చూడనివాళ్లుంటే వీడియో ఇక్కడే ఆపి, ముందు సినిమా చూసి రండి. ఎందుకంటే చివర ఏమవుతుందో నేను చెప్పేస్తాను.

సినిమా 1955 జనవరిలో వచ్చింది. దర్శకుడు ఎల్.వి. ప్రసాద్. స్క్రిప్ట్ రాసింది మన తెనాలి మనిషి చక్రపాణి. అసలు పేరు ఆలూరి వెంకట సుబ్బారావు. బెంగాలీ నేర్చుకుని అక్కడి కథల్ని తెలుగులోకి తెచ్చినాయన. 'చందమామ' పత్రిక వెనకా, విజయా సంస్థ వెనకా ఉన్నది ఈయనే. మేరీగా వేసిన సావిత్రిది కూడా గుంటూరు జిల్లానే, చిర్రావూరు. అంటే మనం ఇంట్లోవాళ్ల పని మీదే మాట్లాడుకుంటున్నాం. కాబట్టి మర్యాదగానే పేచీ పెట్టుకుందాం.

కథ గుర్తు చేస్తాను. ఒక ఊళ్లో గోపాలం అనే జమీందారు బడి నడుపుతుంటాడు. చిన్నప్పుడు తప్పిపోయిన పెద్ద కూతురు మహాలక్ష్మి పేరు మీద పెట్టిన బడి అది. టీచర్లుగా చదువుకున్న భార్యాభర్తలే కావాలని ప్రకటన ఇస్తాడు. ఉద్యోగం లేని రావు, అప్పు తీర్చాల్సిన మేరీ, ఇద్దరూ మొగుడూ పెళ్లాలమని అబద్ధం చెప్పి ఆ ఊరొస్తారు. రావు హిందువు. మేరీ క్రిస్టియన్, అదీ పేరుకి కాదు, మనసారా నమ్మే మనిషి. అప్పు ఇచ్చిన డేవిడ్ ఆమెని పెళ్లి చేసుకుంటానని వెంటపడుతుంటాడు. నాటకం ఆడుతూ ఆడుతూ వీళ్లిద్దరికీ ఒకళ్ల మీద ఒకళ్లకి నిజంగానే ఇష్టం పుడుతుంది.

ఇప్పుడు కథ మన ముందు పెట్టిన ప్రశ్న ఏంటి? ఒక హిందూ అబ్బాయి, ఒక క్రిస్టియన్ అమ్మాయి ప్రేమించుకున్నారు, ఏం చేస్తారు? ఎవరు ఏం వదులుకుంటారు? 1955లో ఇది చిన్న ప్రశ్న కాదు. ఇప్పటికీ మన ఊళ్లలో చిన్న ప్రశ్న కాదు.

దానికి సినిమా ఇచ్చిన జవాబు: మేరీయే ఆ తప్పిపోయిన మహాలక్ష్మి! గోపాలం మేనల్లుడు రాజు, అంటే నాగేశ్వరరావు, డిటెక్టివ్ పిచ్చి ఉన్న కుర్రాడు. పాదం మీది పుట్టుమచ్చ చూసి అనుమానపడి, కూపీ లాగి, ఆమె పుట్టుక సంగతి బయటపెడతాడు. అమ్మాయి పుట్టుకతో హిందువే. ఇంకేం, అడ్డు తొలగిపోయింది, పెళ్లి.

అడ్డు దాటడం వేరు, అడ్డు తొలగిపోవడం వేరు. రావు, మేరీ ఆ గోడ దాటలేదు. గోడ అసలు లేదని ఎవరో వచ్చి చెప్పారు.

మనకి దీనికో మాట ఉంది, కాకతాళీయం. కాకి వచ్చి తాటిచెట్టు మీద వాలింది, సరిగ్గా అప్పుడే పండు రాలింది. కాకి బరువుకి పండు రాలలేదు, రెండూ ఒకేసారి జరిగాయంతే. కథలో ఆ కాకి స్థానంలో హీరోని కూర్చోబెడితే, పండు రాలినా అది అతని గెలుపు కాదు.

ఇక్కడ మీకు ఒక డౌట్ రావాలి. "యాదృచ్ఛికం తప్పయితే, రావు, మేరీ కలవడం కూడా యాదృచ్ఛికమే కదా? ఆమె వచ్చిన ఊరు ఆమె సొంత ఊరే అవడం యాదృచ్ఛికమే కదా?" అవును. కానీ అవి కథ మొదట్లో వచ్చాయి. అవి హీరోహీరోయిన్లని ఇబ్బందిలోకి నెట్టాయి. ఇబ్బందిలోకి నెట్టే యాదృచ్ఛికాన్ని మనం ఒప్పుకుంటాం, కథ మొదలవ్వాలంటే ఏదో ఒకటి జరగాలి కాబట్టి. ఇబ్బందిలోంచి బయటికి లాగే యాదృచ్ఛికాన్నే ఒప్పుకోలేం, ఎందుకంటే వాళ్లు చేయాల్సిన పనిని అది చేసేస్తుంది.

ఇంకో డౌట్. స్క్రిప్ట్ క్లాసుల్లో ఎక్కువగా వినే సలహా ఇది: "క్లైమాక్స్‌లో వచ్చేదాన్ని ముందే ఎక్కడో చూపించు, అప్పుడు తప్పు కాదు." ఆ సలహా సగమే సరైనదని మిస్సమ్మని చూస్తే తెలుస్తుంది. చక్రపాణి గారు ముందే చూపించడంలో లోటు చేయలేదు. బడి పేరులోనే తప్పిపోయిన పిల్ల ఉంది. పుట్టుమచ్చ ఉంది. రాజు వెతుకులాట సినిమా పొడుగునా నడుస్తుంది. కాబట్టి చివర్లో మనం "ఇదెక్కడి నుంచొచ్చింది?" అనం. అయినా ప్రశ్నకి జవాబు దొరకదు. ముందే చూపించడం వల్ల ఆశ్చర్యం తగ్గుతుందే తప్ప, తీసుకోని నిర్ణయం తీసుకున్నట్టు అవదు.

ఇలా ఎందుకయింది? నాకు అనిపించేది చెప్తాను. ఈ స్క్రిప్ట్‌కి ఆధారం రెండు బెంగాలీ రచనలు. ఒకటి రవీంద్రనాథ్ మైత్రా 'మన్మయీ గర్ల్స్ స్కూల్', ఇంకోటి శరదిందు బందోపాధ్యాయ్ 'డిటెక్టివ్'. దొంగ దంపతుల కథ ఒకటి, కూపీ లాగే కుర్రాడి సరదా ఇంకోటి. రెండు గుడ్డలు కలిపి కుట్టారు. కుట్టు ఎంత నున్నగా ఉందంటే మనకి కనపడదు. కానీ చివర్లో మొదటి కథ అడిగిన ప్రశ్నకి రెండో కథ వచ్చి జవాబు చెప్తుంది. తెలివిగా కష్టపడిన మనిషి రాజు, కానీ చిక్కులో ఉన్నది రాజు కాదు.

సరే, తప్పు పట్టడం అయింది. బాగు చేయగలమా? చూడండి, ఒక్క సీన్ కూడా తీసేయక్కర్లేదు. వరస మారిస్తే చాలు.

రాజు ఫొటోతో రాకముందే మేరీ గోపాలం ముందు నిలబడి, "మేం భార్యాభర్తలం కాం, నేను క్రిస్టియన్‌ని, కానీ ఇతన్నే చేసుకుంటాను" అని చెప్పిందనుకోండి. ఆ మాటతో ఉద్యోగం పోవచ్చు, జీతం పోతే డేవిడ్ అప్పు మళ్లీ మెడ మీదకొస్తుంది, ఊళ్లో పరువు పోతుంది. రావు అది విని పారిపోతాడా, పక్కన నిలబడతాడా? అతనికీ పరీక్షే. ఇద్దరూ తేల్చుకున్నాక రాజు వచ్చి మహాలక్ష్మి సంగతి చెప్పాడనుకోండి. అదే పుట్టుమచ్చ, అదే ఫొటో. ఇప్పుడది రక్షణ కాదు, బహుమతి. వాళ్లు గెలిచాక వచ్చింది కాబట్టి మనకి డబుల్ సంతోషం.

ఇక్కడ ఒక అభ్యంతరం ఉంది, అది గట్టిదే. "గజేంద్ర మోక్షంలో విష్ణువు వచ్చి కాపాడాడు కదా, అదీ తప్పేనా?" కాదు. ఆ ఏనుగు మొసలితో ఏళ్ల తరబడి పోరాడుతుంది. బలం అయిపోతుంది. అప్పుడు నా బలం అన్న పట్టుదల వదిలేసి పిలుస్తుంది. అహంకారం ఉన్న ప్రాణికి ఆ పిలుపే అన్నిటికన్నా కష్టమైన నిర్ణయం. దేవుడు వచ్చింది దాని తర్వాత. కాబట్టి బయటి సాయం ఎప్పుడూ తప్పే అనడం లేదు. సాయానికి ముందు నిర్ణయం ఉందా లేదా అన్నదే లెక్క. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. మిస్సమ్మ కామెడీ. కామెడీలో కాస్త అదృష్టానికి చోటుంటుంది. పైగా సావిత్రి ముఖంలో కోపం, అసూయ, ఇష్టం మారుతుంటే మనకి ప్రశ్న గుర్తుండదు. అంత ఆకర్షణ లేని స్క్రిప్ట్‌లో అయితే ఈ లోపం వెంటనే బయటపడుతుంది.

అలాంటిదే ఒకటి ఇప్పుడు కట్టి చూద్దాం, మన ఏరియాలోనే. శీను తెనాలిలో ఒక సెల్ షాపులో పని చేస్తాడు, రోజూ రేపల్లె నుంచి రైల్లో అప్ అండ్ డౌన్. బాపట్లలో చదివే చెల్లికి రేపు పదకొండు గంటల్లోపు 38,000 ఫీజు కట్టాలి. ఇంట్లో డబ్బుల్లేవు. అదే సాయంత్రం ఓనర్ షాపు కలెక్షన్ చేతికిచ్చి, పొద్దున్నే బ్యాంకులో వేయమంటాడు. సుమారుగా అంతే మొత్తం. శీను ఆ బ్యాగుతో రేపల్లె రైలెక్కుతాడు.

మీరెన్ని షార్ట్ ఫిల్ముల్లో చూసుంటారు దీని ముగింపు! తెల్లారేసరికి దుబాయ్ నుంచి బాబాయ్ డబ్బు పంపిస్తాడు. లేదా ఓనర్ నవ్వుతూ "ఇదంతా నిన్ను టెస్ట్ చేయడానికేరా" అంటాడు. రెండోది ఇంకా నష్టం, ఎందుకంటే అప్పటిదాకా మనం పడ్డ టెన్షన్ కూడా అబద్ధమైపోతుంది.

ఇప్పుడు బాబాయ్‌ని తీసేయండి. పొద్దున్న రైలు తెనాలిలో ఆగింది. రేపల్లె లైను మెయిన్ లైన్లో కలిసేది ఇక్కడే. స్టేషన్ బయటికి నడిస్తే షాపు, బ్యాంకు. ఇంకో ప్లాట్‌ఫామ్ మీదకి వెళ్తే బాపట్ల వైపు వెళ్లే బండి. డైలాగ్ అక్కర్లేదు, అతని కాళ్లు ఎటు తిరుగుతాయన్నదే క్లైమాక్స్. బాపట్ల బండెక్కితే చెల్లి చదువు నిలబడుతుంది, ఇతను దొంగవుతాడు. బయటికి నడిస్తే నమ్మకం నిలబడుతుంది, చెల్లికి ఫోన్ చేసి ఏం చెప్పాలి? మూడో దారి ఒకటుంది. ఓనర్‌కి ఫోన్ చేసి, "అన్నా, రాత్రంతా మీ డబ్బు వాడేద్దామనే అనుకున్నాను, ఇప్పుడు అప్పుగా అడుగుతున్నా" అని నిజం చెప్పడం. ఉద్యోగం పోవచ్చు. ఓనర్ కాసేపు ఏమీ మాట్లాడడు. తర్వాత, "పదివేలు ఉంచుకో, నెలనెలా జీతంలో కోస్తా, మిగతాది బ్యాంకులో వెయ్యి" అంటాడు. ఇదీ బయటి నుంచి వచ్చిన సాయమే. కానీ అడిగాడు కాబట్టి వచ్చింది, కొంతే వచ్చింది, అతని మీద నమ్మకం కూడా కొంత తగ్గింది. ఇంకా 28,000 కావాలి. కథ అక్కడ ఆపినా నాకు వెలితి అనిపించదు.

మీ స్క్రిప్ట్‌లో ఈ లోపం ఉందో లేదో చూసుకోవడం తేలికే. కథ అడిగే ప్రశ్నని ఒక్క వాక్యంలో రాయండి. తర్వాత చిక్కు విడిపోయే సీన్ తీసి, ఆ సీన్లో క్రియ ఎవరిదో చూడండి. "ఫోన్ వచ్చింది", "నిజం తెలిసింది", "పోలీసులొచ్చారు" అని ఉంటే అనుమానించండి. "చెప్పింది", "వదిలేశాడు", "దిగాడు" అని ఉంటే, ఆ క్రియ వల్ల ఆ మనిషికి ఏం పోయిందో పక్కన రాయండి. రాయడానికి ఏమీ దొరక్కపోతే అదీ నిర్ణయం కాదు.

మిస్సమ్మ చివరి అరగంట మళ్లీ చూసి, మేరీ క్రియలేంటో, రాజు క్రియలేంటో రెండు వరసల్లో రాయండి. మేరీ వైపు నేను వదిలేసిన క్రియ ఏదైనా మీకు కనపడితే కింద కామెంట్లో పెట్టండి. వచ్చే ఎపిసోడ్ దానితోనే మొదలుపెడదాం. ఉంటానండీ.