26 లక్షలు ఎక్కడ పెరిగాయి?

మే, జూన్ నెలల్లో కంపెనీల అకౌంట్స్ విభాగాలకు ఆడిటర్ల నుంచి ప్రశ్నల జాబితాలు వస్తుంటాయి. వాటిలో తరచుగా కనిపించే ప్రశ్న ఒకటి: “ప్రయాణ ఖర్చులు గత ఏడాది కంటే బాగా పెరిగాయి. కారణం తెలపగలరు.” దీనికి ఫైనాన్స్ అధికారి రాసే జవాబు చాలాచోట్ల ఒక్క వాక్యంలో ముగుస్తుంది. వ్యాపారం పెరిగింది, విమాన ఛార్జీలు పెరిగాయి అని రాసి సంతకం పెట్టేస్తారు. ఆ వాక్యం అబద్ధం కాకపోవచ్చు. కానీ దాన్ని పట్టుకుని ఆడిటరు పరీక్షించగలిగినది ఏమీ ఉండదు. వ్యాపారం వల్ల ఎంత పెరిగింది, ఛార్జీల వల్ల ఎంత పెరిగింది, ఏ కాగితం చూస్తే అది తెలుస్తుంది అన్న ప్రశ్నలు అలాగే మిగిలిపోతాయి.

కంపెనీల చట్టం 2013లోని 143వ సెక్షన్ ప్రకారం లెక్కల పుస్తకాలు చూసే హక్కు, అధికారుల నుంచి వివరణ కోరే హక్కు ఆడిటరుకు ఉన్నాయి. అయితే వివరణ వినగానే ఆయన పని అయిపోదు. రెండేళ్ల అంకెలను పక్కపక్కన పెట్టి తేడాలను ఎలా పరిశీలించాలో ఎస్‌ఏ 520 అనే ఆడిటింగ్ ప్రమాణం చెబుతుంది. తేడా కనిపిస్తే యాజమాన్యాన్ని అడగాలి, వచ్చిన జవాబుకు తగిన ఆధారాన్నీ సంపాదించాలి అన్నది అందులోని నియమం. అంటే ఫైనాన్స్ అధికారి రాసే నోటులోని ప్రతి మాటకూ వెనక ఒక కాగితం ఉండాలి.

అలాంటి నోటు ఎలా తయారవుతుందో ఒక ఊహాత్మక ఉదాహరణతో చూద్దాం. విశాఖపట్నంలో పరిశ్రమలకు పెద్ద పంపులు తయారుచేసి అమ్మే ఓ మధ్యతరహా కంపెనీ ఉందనుకుందాం. ప్రయాణ ఖర్చుల పద్దు కింద 2023-24లో 42 లక్షలు, 2024-25లో 68 లక్షలు చూపించారు. 26 లక్షలు పెరిగింది, అంటే దాదాపు 62 శాతం. (లెక్క తేలిగ్గా ఉండేందుకు అంకెలను గుండ్రంగా తీసుకుంటున్నాను.)

ఎందుకు పెరిగిందని వెతికే ముందు అధికారి అడగాల్సిన ప్రశ్న ఇంకొకటుంది: ఈ రెండు అంకెలూ ఒకే కొలతతో కొలిచినవేనా? నా అనుభవంలో ఎక్కువమంది దాటేసే మెట్టు ఇదే. మన ఉదాహరణలో సైటుకెళ్లే ఇంజినీర్లు తీసుకునే అద్దె కార్ల ఖర్చును నిరుడు ‘వాహనాల అద్దె’ అనే వేరే పద్దులో రాశారు. ఆ మొత్తం 6 లక్షలు. ఈ ఏడాది అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో పద్దులను సర్దినప్పుడు అదే ఖర్చు, 7 లక్షలు, ప్రయాణ ఖర్చుల్లోకి వచ్చింది. కాబట్టి పెరుగుదలలో 6 లక్షలు కొత్తగా పెట్టిన ఖర్చు కానే కాదు. రాసే చోటు మాత్రమే మారింది. ఆర్థిక నివేదికలో నిరుటి అంకెను కూడా 48 లక్షలుగా సవరించి చూపిస్తేనే పాఠకుడికి సరైన పోలిక దొరుకుతుంది. దీనికి ఆధారం నిరుటి వాహనాల అద్దె లెడ్జరు. అది మొత్తం వేరే పద్దుకు మారిందని చూపించే జాబితా నోటుకు జతచేస్తే చాలు.

రెండో సంగతి నెలవారీగా పరిచి చూస్తే బయటపడుతుంది. 2024 ఏప్రిల్‌లో ప్రయాణ ఖర్చు మిగతా నెలలకంటే బాగా ఎక్కువగా ఉంది. వోచర్లు తీసి చూస్తే వాటిలో 3 లక్షల రూపాయల బిల్లులు మార్చిలో చేసిన ప్రయాణాలవి. నిరుడు మార్చి 31న పుస్తకాలు ముగించేటప్పుడు, ఇంకా చేతికి అందని బిల్లులకు ప్రొవిజన్ పెట్టలేదు. ఈ ఏడాది మార్చికి మాత్రం పెట్టారు. ఫలితంగా నిరుటి పద్దులో పదకొండు నెలల ఖర్చే పూర్తిగా పడింది, ఈ ఏటి పద్దులో పన్నెండు నెలల ఖర్చుతో పాటు నిరుటి మార్చిలో కొంత కూడా చేరింది. 3 లక్షలు అక్కడ తగ్గాయి, ఇక్కడ కలిశాయి. అందుకే తేడాపై దాని ప్రభావం 3 కాదు, 6 లక్షలు. ఈ రెట్టింపును గమనించని నోటులో లెక్క ఎప్పటికీ కలవదు. దీన్ని గత సంవత్సరపు పొరపాటుగా విడిగా చూపాలా, మొత్తం చిన్నది కాబట్టి ఈ ఏటి ఖర్చులోనే వదిలేయాలా అన్నది కంపెనీ పరిమాణాన్ని బట్టి ఆడిటరుతో చర్చించి తేల్చుకోవాల్సిన విషయం. నోటులో మాత్రం దాన్ని దాచకుండా రాయాలి. ఏప్రిల్ వోచర్లు ఆడిటరు ఎలాగూ తీస్తారు.

ఈ రెండూ తీసేస్తే 26 లక్షల్లో 12 లక్షలు పోయి, నిజంగా పెరిగింది 14 లక్షలని తేలుతుంది. అందులో అద్దె కార్లది 1 లక్ష. మిగిలిన 13 లక్షలు ఉద్యోగుల టూర్లవి. నిరుడు ఈ టూర్లకు 45 లక్షలు, ఈ ఏడాది 58 లక్షలు అయ్యాయి.

సగటు మోసం చేసేది ఇక్కడే. నిరుడు 300 టూర్లు, ఈ ఏడాది 400. ఒక్కో టూరుకు సగటు ఖర్చు నిరుడు 15,000 రూపాయలు, ఈ ఏడాది 14,500. ఈ అంకెలే చూసిన అధికారి ఏమని రాస్తారు? రేట్లు పెరగలేదు, కాస్త తగ్గాయి కూడా, పెరుగుదలంతా టూర్ల సంఖ్య వల్లే అని రాస్తారు. కూడికల్లో తప్పు లేదు. అయినా ఆ ముగింపు తప్పు.

విమానంలో వెళ్లినవి, రైల్లో వెళ్లినవి విడదీస్తే అసలు సంగతి తెలుస్తుంది. టికెట్టు, బస, దినభత్యం అన్నీ కలిపి చూస్తే నిరుడు విమాన టూర్లు 200, ఒక్కోదానికి 19,000. రైలు టూర్లు 100, ఒక్కోదానికి 7,000. ఈ ఏడాది విమాన టూర్లు మళ్లీ 200, ఒక్కోదానికి 21,000. రైలు టూర్లు 200, ఒక్కోదానికి 8,000. రెండు రకాల్లోనూ ఖర్చు పెరిగింది. కానీ చవకైన రైలు టూర్లు రెట్టింపు కావడంతో మొత్తం సగటు కిందికి దిగింది. ఒక్క సగటుతో సరిపెట్టుకుంటే రేట్ల పెరుగుదల పూర్తిగా మరుగున పడిపోతుంది. విడదీసి లెక్కిస్తే, విమానాల్లో రేటు వల్ల పెరిగింది 4 లక్షలు. రైలు టూర్లు అదనంగా 100 జరిగినందుకు పాత రేటు ప్రకారం 7 లక్షలు. మొత్తం 200 రైలు టూర్లకూ వెయ్యి చొప్పున రేటు పెరిగినందుకు 2 లక్షలు. అన్నీ కలిపితే 13 లక్షలు.

ఇక ఒక్కో ముక్కకూ కారణం, ఆధారం చూపాలి. రైలు టూర్లలో పెరిగిన వెయ్యి రూపాయల సంగతి తేలిక. కంపెనీ దినభత్యాన్ని, బస పరిమితిని సవరించింది, ఆ సర్క్యులర్ ప్రతి జతచేస్తే సరిపోతుంది. విమానాల సంగతి అంత తేలిక కాదు. “ఛార్జీలు పెరిగాయి” అని రాసే ముందు ట్రావెల్ ఏజెంటు ఇచ్చిన స్టేట్‌మెంటు తెప్పించుకోవాలి. అందులో టికెట్టు తీసిన తేదీ, ప్రయాణ తేదీ రెండూ ఉంటాయి. మన ఉదాహరణలో వారం ముందు తీసిన టికెట్ల ధర నిరుటికీ ఇప్పటికీ పెద్దగా మారలేదు. అయితే ఈ ఏడాది సగం టికెట్లు ప్రయాణానికి ఒకట్రెండు రోజుల ముందు తీసినవి. టూరు అనుమతికి ఇద్దరు అధికారుల సంతకం తప్పనిసరి చేశాక ఫైలు కదలడం ఆలస్యమైంది. అలాంటప్పుడు కారణం మార్కెట్టు కాదు, కంపెనీ పెట్టుకున్న పద్ధతి. నోటులో అలాగే రాయాలి. ఛార్జీల మీద నెట్టేస్తే ఆడిటరు నాలుగు టికెట్లు చూసి ఆ మాటను కొట్టేస్తారు. ఆ తర్వాత నోటులోని మిగతా నిజాలను కూడా అనుమానంగానే చదువుతారు.

అదనంగా జరిగిన 100 రైలు టూర్లు ఒడిశాలోని కొత్త కస్టమర్ల దగ్గరికి వెళ్లినవి. టూర్ క్లెయిములను సర్వీసు రిపోర్టులతో జతపరిచి చూస్తే ఏ రోజు ఎవరు ఏ సైటులో ఉన్నారో తెలుస్తుంది. రిపోర్టు మీద కస్టమర్ సంతకం ఉంటే అది బయటి నుంచి వచ్చిన ఆధారం. కంపెనీ తనకు తాను రాసుకున్న వోచరుకంటే దానికి విలువ ఎక్కువ. ఆడిటరు ఇక్కడ కొన్ని క్లెయిములను ఎంచి హాజరు పట్టీతో పోల్చే అవకాశం ఉంది. టూరులో ఉన్నట్టు క్లెయిము పెట్టిన రోజున ఆ ఉద్యోగి విశాఖ ఆఫీసులో వేలిముద్ర వేసి ఉంటే, వేర్వేరు నెలల హోటల్ బిల్లుల నంబర్లు వరసగా ఉంటే, వివరణ నోటు ఆ క్లెయిములను కాపాడలేదు. ఈ పోలిక ముందుగా ఫైనాన్స్ విభాగమే చేసుకోవడం మంచిది.

ఇవన్నీ పూర్తయ్యాక నోటు ఒక పేజీ దాటనక్కర్లేదు. దాని సారం ఇలా ఉంటుంది: “ఆడిటరు గారికి, ప్రయాణ ఖర్చుల పద్దులో 26 లక్షల పెరుగుదలకు వివరణ. వాహనాల అద్దెను ఈ పద్దులోకి మార్చినందువల్ల 6 లక్షలు. 2024 మార్చి బిల్లులు ఏప్రిల్‌లో పడినందువల్ల రెండేళ్ల మధ్య తేడాలో 6 లక్షలు. అద్దె కార్ల వాడకం పెరిగి 1 లక్ష. ఒడిశా సైట్లకు అదనపు టూర్లు 7 లక్షలు. టికెట్లు ఆలస్యంగా తీయడం వల్ల 4 లక్షలు. భత్యాల సవరణ వల్ల 2 లక్షలు. ప్రతిదానికీ ఆధారాలు జతచేశాం.” వాస్తవ జీవితంలో లెక్క ఇంత కచ్చితంగా కలవదు, ఓ నలభై యాభై వేలు మిగిలిపోతాయి. ఆ మిగులును ఏదో ఒక కారణంలో సర్దేయకుండా ‘వివరణ దొరకని చిన్న తేడాలు’ అని విడిగా చూపాలి. అది చిన్నదైతే ఆడిటరుకు అభ్యంతరం ఉండదు. పెద్దదైతే పని ఇంకా పూర్తి కాలేదని అర్థం.

నోటు పంపే ముందు అధికారి ఇంకో విషయం తేల్చుకోవాలి. ఆ 100 టూర్లు దేనికి? కొత్త పంపులు బిగించి నడిపించడానికా, బిగించినవి మొరాయిస్తే బాగుచేయడానికా? సర్వీసు రిపోర్టులు చదివితే 70 టూర్లు బిగింపు పనికి, 30 టూర్లు వారంటీ ఫిర్యాదులకు వెళ్లినవని తేలిందనుకుందాం. ప్రయాణ ఖర్చు దృష్టితో చూస్తే రెండూ సక్రమమైన ఖర్చులే. కానీ ఆ ముప్పై టూర్లు ఇంకో పద్దును కదిలిస్తాయి. అమ్మిన పంపులకు వారంటీ కాలంలో వచ్చే మరమ్మతుల కోసం కంపెనీ ఏటా కొంత మొత్తం కేటాయించాలి. ఫిర్యాదులు పెరిగాయని ప్రయాణ ఖర్చుల నోటే చెబుతుంటే, వారంటీ కేటాయింపు నిరుటి శాతంలోనే ఎలా ఉందని ఆడిటరు అడుగుతారు. అందుకే ఆ నోటు మీద సంతకం పెట్టే ముందు సర్వీసు విభాగం అధిపతిని పిలిచి, ఏ మోడల్ పంపుకు ఎన్ని ఫిర్యాదులు వచ్చాయో, ఇంకా ఎన్ని పంపులు వారంటీలో ఉన్నాయో లెక్క తీసుకుని, కేటాయింపును సవరించాలో వద్దో తేల్చుకోవాలి.